మొహం చెల్లని మంగళవారాలు

ప్రశ్న: నేను పీహెచ్‌డీ మూడో ఏడాదిలో ఉన్నాను. మా గైడ్ ప్రతి మంగళవారం సాయంత్రం 4 గంటలకు నాకోసం అరగంట కేటాయించారు. గత 10 వారాల్లో 6 సార్లు నేనే క్యాన్సిల్ చేశాను. మొదటిసారి నిజంగానే జ్వరం. తర్వాత తలనొప్పి అని, ఇంట్లో పని అని ఏదో ఒకటి రాశాను. అసలు సంగతేమిటంటే, మిగిలిన 20 ఇంటర్వ్యూలు నాలుగు వారాల్లో ట్రాన్స్‌క్రైబ్ చేసేస్తానని మేడమ్‌కి మాటిచ్చాను. ఇప్పటికి 5 అయ్యాయి. క్లాసులు చెప్పగా వారానికి 10 గంటలు మిగలడమే కష్టం. మొదట్లో మేడమ్ ‘ఆరోగ్యం జాగ్రత్త’ అనేవారు, తర్వాత ‘సరే’ అన్నారు, పోయిన వారం అసలు జవాబే లేదు. ఆవిడకి మొహం చూపించలేకపోతున్నాను. ఎలా క్షమాపణ చెప్పాలి? మళ్లీ ఎలా మొదలుపెట్టాలి? వెళ్లేటప్పుడు ఏదైనా కానుక తీసుకెళ్తే బాగుంటుందా?

జవాబు: క్షమాపణ మాటలు వెతుక్కునే ముందు ఒక కాగితం తీసుకోండి. మీ పాత మెసేజ్‌లు తెరిచి, ఆ 6 రద్దులనూ వరసగా రాయండి. ఏ తేదీన, మీటింగ్‌కి ఎన్ని గంటల ముందు చెప్పారు, మెసేజ్‌లో ఏ కారణం రాశారు, అసలు కారణం ఏమిటి. ఈ చివరి గడి మీరు తప్ప ఎవరూ చూడరు కాబట్టి ఉన్నదున్నట్టు రాయండి. జ్వరం వచ్చిన వారాన్ని పక్కన పెడితే మిగతా ఐదింటిలోనూ ఆ గడిలో ఒకటే మాట పడుతుందని నా అనుమానం: ‘చూపించడానికి ఏమీ లేదు’. రెండో గడి కూడా చూడండి. ముందురోజు చెప్పిన రద్దు వేరు, మధ్యాహ్నం 2 గంటలకు చెప్పిన రద్దు వేరు. ముందురోజు చెబితే ఆవిడ ఆ అరగంటను ఇంకొకరికి ఇవ్వగలరు. రెండు గంటల ముందు చెబితే, అప్పటికే మీ పాత నోట్స్ తిరగేసి కూర్చుని ఉంటారు.

ఈ లెక్క ఎందుకంటే, ‘ఈ మధ్య కొన్నిసార్లు రాలేకపోయాను, క్షమించండి’ అనే క్షమాపణ మీ గైడ్‌కి కొత్తగా ఏమీ చెప్పదు. ఆవిడకి తెలిసిందే కాస్త మెత్తగా చెబుతుంది. అమెరికాలో రాయ్ లెవికీ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 2016లో క్షమాపణల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. 755 మందికి రకరకాల క్షమాపణలు చూపించి, ఏది నమ్మదగినట్టుందో అడిగారు. తప్పు నాదేనని ఒప్పుకోవడం అన్నిటికంటే బలంగా పనిచేసింది. నష్టాన్ని ఎలా సరిచేస్తానో చెప్పడం రెండోది. అన్నిటికంటే తక్కువ పనిచేసింది ‘నన్ను మన్నించండి’ అని అడగడం. మనలో చాలామంది దీన్ని సరిగ్గా తలకిందులు చేస్తాం. మన్నించమని నాలుగుసార్లు అడుగుతాం, తప్పేమిటో మాత్రం ఒక్కసారి కూడా పేరుపెట్టి చెప్పం.

ఇక అసలు తప్పేమిటో చూద్దాం. మీరు అనుకుంటున్నట్టు అది క్యాన్సిల్ చేయడం దగ్గర మొదలవలేదు. గంట ఇంటర్వ్యూ ఒకటి విని టైప్ చేయడానికి అలవాటున్న వాళ్లకే నాలుగైదు గంటలు పడుతుంది. నాలుగు వారాల్లో 20 అంటే వారానికి 5, అంటే 20 నుంచి 25 గంటల పని. మీ దగ్గర ఉన్నవి 10 గంటలు. మాటిచ్చిన రోజునే అది కుదరని మాట. మొదటి వారం మీరు చక్కగా పనిచేసినా రెండే అయ్యేవి. ఐదు చెప్పి రెండు చూపించడం చిన్నతనంగా అనిపిస్తుంది, అందుకని మీటింగ్ మానేస్తారు. మిగిలిన మూడూ వచ్చే వారం మెడకు చుట్టుకుంటాయి, ఇప్పుడు ఎనిమిది తీసుకెళ్లాలి. అలా ప్రతి రద్దూ తర్వాతి మీటింగ్‌ని ఇంకాస్త భయంకరంగా మార్చింది. వారానికి రెండు చొప్పున ఒప్పుకుని ఉంటే ఈ 10 వారాల్లో ఆ 20 అయిపోయేవి. ఇది మిమ్మల్ని బాధపెట్టడానికి చెప్పడం లేదు. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఏ అంకె దగ్గర మొదలుపెట్టాలో ఇందులోనే ఉంది కాబట్టి చెబుతున్నాను.

అటువైపు కుర్చీలో కూర్చున్న మనిషికి ఇదంతా ఎలా కనిపిస్తుందో కూడా కొంచెం చెప్పనివ్వండి, నేను రెండు కుర్చీల్లోనూ కూర్చున్నాను. పరిశోధన చేసే రోజుల్లో ఒకసారి నెలకు పైగా మా గైడ్‌కి కనిపించకుండా తిరిగాను. వరండాలో ఆయన ఎదురొస్తుంటే మెట్ల వైపు తిరిగిపోయేవాణ్ణి. ఆయన లోలోపల నా మీద మండిపడుతున్నారని నా నమ్మకం. చివరికి ఒకరోజు తప్పించుకోలేక దొరికిపోతే, ‘రావడం లేదంటే పని బాగా సాగుతోందనుకున్నానయ్యా’ అన్నారు. నాకు తిట్టు తిన్నంత పనైంది. తర్వాత నేను గైడ్‌నయ్యాక అర్థమైంది: విద్యార్థి కనిపించకపోతే గైడ్‌కి ముందు వచ్చేది కోపం కాదు. ఇతని పని ఎక్కడుందో తెలియకపోవడం. ప్రోగ్రెస్ రిపోర్ట్ మీద సంతకం పెట్టే రోజున ఏం రాయాలో తెలియకపోవడం. పోయిన అరగంటలకంటే ఇదే ఎక్కువ చికాకు పెడుతుంది. మీ మేడమ్ ‘సరే’ల వెనక ఏముందో నేను చెప్పలేను గానీ, మీ క్షమాపణ ఈ రెండు నష్టాలనూ తాకాలి. ఒకటి సమయం, రెండోది మీరు ఆవిణ్ణి చీకట్లో ఉంచడం.

ముందు రాసి పంపండి, తర్వాత ఎదుటపడండి. ఉన్నట్టుండి గదిలోకి వెళ్లి కళ్లనీళ్లు పెట్టుకుంటే ఆవిడ చేయగలిగింది ఒక్కటే, ‘అయ్యో, పర్వాలేదు’ అని మిమ్మల్ని ఓదార్చడం. తప్పు మీది, ఓదార్చే పని ఆవిడది అవుతుంది. రాసి పంపితే ఆవిడ తీరిగ్గా చదువుకుంటారు, కోపం ఉంటే అది కాస్త చల్లారే వీలుంటుంది. పాత రద్దు మెసేజ్‌కి జవాబుగా కాకుండా కొత్త మెయిల్ రాయండి. పనిదినాన పొద్దున పంపండి, అర్ధరాత్రి రాసింది అర్ధరాత్రే పంపకండి. ఇంచుమించు ఇలా ఉంటే చాలు:

‘మేడమ్, నమస్కారం. గత 10 వారాల్లో మన మీటింగ్‌లు 6 నేనే రద్దు చేశాను. వాటిలో 3 సార్లు రెండు గంటల ముందు మాత్రమే చెప్పాను. మొదటిసారి జ్వరమే. మిగతావి ఇంటర్వ్యూల పని కదలక, చూపించడానికి ఏమీ లేక మానుకున్నవి. అప్పుడు మీకు రాసిన కారణాలు అసలు కారణాలు కావు. ఆ తప్పు నాదే. దానివల్ల మీ సమయం పోయింది, పని ఎక్కడుందో మీకు తెలియకుండా పోయింది. క్షమించండి.

ప్రస్తుతం 20లో 5 పూర్తయ్యాయి. పని ఎక్కడ ఆగిందో ఒక పేజీలో రాసి సోమవారం సాయంత్రం 6 లోపు పంపుతాను. ఈ మంగళవారం 4 గంటలకు వస్తాను. ఆ సమయం మీరు ఇంకొకరికి ఇచ్చి ఉంటే, వీలైన మరో సమయం చెప్పండి, 15 నిమిషాలు చాలు.’

ఆ ‘3 సార్లు’ దగ్గర మీ కాగితంలో వచ్చిన అంకె వేసుకోండి. ‘రాసిన కారణాలు అసలు కారణాలు కావు’ అనే వాక్యం దగ్గర మీ చెయ్యి ఆగుతుందని తెలుసు. తీసేయాలనిపిస్తుంది. ఉంచమనే నా సలహా. తలనొప్పి ఏ వారం, ఇంట్లో పని ఏ వారం అని విడమర్చి చెప్పక్కర్లేదు, అది మీ మనసు తేలిక పడటానికే తప్ప ఆవిడకి ఎందుకూ పనికిరాదు. కానీ ఆ ఒక్క వాక్యం లేకపోతే, రేపు మీకు నిజంగా జ్వరమొచ్చినప్పుడు కూడా ఆవిడకి అనుమానమే మిగులుతుంది. ఆరోగ్యం జాగ్రత్త అన్న మనిషి కదా, ఆ మాత్రం నిజం ఆవిడకి బాకీ ఉన్నారు.

మెయిల్‌లో లేనివి కూడా గమనించండి. క్లాసుల భారం గురించి ఒక్క ముక్క లేదు. అది నిజమే అయినా ఇక్కడ రాస్తే సాకులా వినిపిస్తుంది. మంగళవారం, పని ఎంత పెట్టుకోవాలో మాట్లాడేటప్పుడు అదే సంగతి ఉపయోగపడే సమాచారమవుతుంది. ‘ఇకమీదట ఒక్క మీటింగ్ కూడా మానను’ అనే ప్రతిజ్ఞా లేదు. మీ కష్టమంతా ఒక పెద్ద మాటతోనే మొదలైంది, మళ్లీ ఇంకొకటెందుకు?

జవాబు రాకపోతే? బుధవారమో గురువారమో మెయిల్ పంపి, రెండు రోజులు చూసినా ఏమీ రాకపోతే దానికి అర్థాలు వెతుక్కుంటూ కూర్చోకండి. సోమవారం పేజీ పంపుతానన్నారు కదా, పంపండి. మంగళవారం 4 గంటలకు వెళ్లండి. గదిలో ఇంకెవరైనా ఉంటే బయట పదిహేను నిమిషాలు ఆగి, ‘మేడమ్, ఈ వారం ఎప్పుడు రమ్మంటారు?’ అని మాత్రం అడిగి వచ్చేయండి. ఆవిడ కోప్పడితే విని ఊరుకోండి, ఆరు వారాల మీద ఐదు నిమిషాల కోపం పెద్ద ఖరీదేమీ కాదు. ‘ఇకనుంచి రెండు వారాలకోసారి కలుద్దాంలే’ అంటే మాత్రం ఒకసారి ఆలోచించండి. ఆవిడకి తీరిక లేక అంటే ఒప్పుకోవాల్సిందే. మీరెలాగూ రావడం లేదని అంటున్నట్టు అనిపిస్తే, ‘ముందు నాలుగు వారాలు, వారానికి 15 నిమిషాలు ఇస్తారా మేడమ్, తర్వాత మీరు చెప్పినట్టే చేద్దాం’ అని అడగండి. తెగిన అలవాటును ఎక్కువ ఎడం పెట్టి అతికించడం కష్టం. రెండు వారాల గడువులో మొదటి పది రోజులు ఎలా గడిచిపోతాయో మీకు నేను చెప్పాలా?

సోమవారం పేజీలో మూడు సంగతులుంటే చాలు. పోయినసారి ఏమనుకున్నాం, ఏం జరిగింది, ఎక్కడ ఆగాను. మీ మొదటి పేజీని నేను రాస్తే ఇలా ఉంటుంది. నాలుగు వారాల్లో 20 ఇంటర్వ్యూలు అనుకున్నాం. 5 అయ్యాయి. ఒక్కోదానికి ఇంచుమించు నాలుగున్నర గంటలు పడుతోంది. క్లాసులు పోగా వారానికి 10 గంటలు దొరుకుతున్నాయి, అంటే వారానికి 2 చేయగలను, మిగతా 15కి ఎనిమిది వారాలు కావాలి. నాకు తేలనిదేమిటంటే, అన్నీ పూర్తయ్యేవరకు ఆగాలా, లేక ఉన్నవాటిలోని అంశాలను గుర్తించి పేర్లు పెట్టే కోడింగ్ మొదలుపెట్టవచ్చా? అంతే. ఈ పేజీకి అరగంట కంటే ఎక్కువ పెట్టకండి. అందంగా రాయాలని కూర్చుంటే ఇది కూడా వాయిదా పడే ఇంకో పని అవుతుంది.

ఆ చివరి ప్రశ్న చూడండి. ఇంటర్వ్యూలతో పరిశోధన నడిపించిన ఏ గైడ్ అయినా దీనికి పది నిమిషాల్లో ఏదో ఒక దారి చెబుతారు. ఉన్నవాటిని ముందు చదివి కోడ్ చేయమనవచ్చు, కొన్నిటిని పూర్తిగా కాకుండా అవసరమైన భాగాలే టైప్ చేయమనవచ్చు, లేదూ అన్నీ కావాల్సిందే కానీ ఎనిమిది వారాలు తీసుకోమనవచ్చు. ఏది చెప్పినా, మీరు రెండు నెలలకు పైగా ఒంటరిగా మోసిన బరువు ఆ అరగంటలో సగమైనా దిగేది. మీరు మానేసిన మీటింగ్‌లన్నీ సరిగ్గా దీనికోసం పెట్టినవే. పని అయిపోయాక చూపించడానికి గైడ్ అక్కర్లేదు, ఆగిపోయినప్పుడే కావాలి.

మంగళవారం గదిలోకి వెళ్లాక క్షమాపణ రెండు వాక్యాల్లో ముగించండి. ‘మెయిల్‌లో రాసినదంతా నిజమే మేడమ్, తప్పు చేశాను. పేజీ చూశారా?’ ఇంతకు మించి పొడిగిస్తే ఉన్న 15 నిమిషాలూ దానికే పోతాయి. ఆ తర్వాతి వారాల్లో ఇక క్షమాపణ మాటెత్తకండి. ప్రతిసారీ ‘అప్పట్లో నేను…’ అంటూ మొదలుపెట్టే విద్యార్థికి ప్రతిసారీ ‘పర్వాలేదమ్మా’ అని చెప్పడం ఎంత విసుగో, చెప్పిన వాళ్లకే తెలుసు.

ఇక మళ్లీ జారిపోకుండా ఉండటం. దీనికి నిబంధన ఒక్కటే పెట్టుకోండి: ‘పని కాలేదు’ అనేది రద్దుకి కారణం కాదు, మీటింగ్‌ని కుదించడానికి మాత్రమే కారణం. పని కాని వారం ‘మేడమ్, ఈ వారం 10 నిమిషాలు చాలు, ఎక్కడ ఆగానో చెప్పి వెళ్తాను’ అని రాయండి, కానీ వెళ్లండి. జ్వరం, ప్రయాణం, తప్పించుకోలేని డ్యూటీ లాంటివి ఉంటే క్యాన్సిల్ చేయవచ్చు, అదీ వీలైనంతవరకు సోమవారం మధ్యాహ్నం లోపు. ఆ మెసేజ్‌లోనే అదే వారంలో ఇంకో రెండు సమయాలు ఇవ్వండి, ఎంచుకోవడం ఒక్కటే ఆవిడకి మిగలాలి. పీటర్ గోల్విట్సర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1990ల నుంచి చేసిన పరిశోధనల్లో, ‘మానకూడదు’ అని మొత్తంగా అనుకోవడం కంటే ‘ఫలానా పరిస్థితి వస్తే ఫలానా పని చేస్తాను’ అని ముందే నిర్ణయించుకున్నవాళ్లు ఎక్కువగా మాట నిలబెట్టుకున్నారు. మీ విషయంలో ఆ ఫలానా పరిస్థితి ఎప్పుడొస్తుందో మీ కాగితం రెండో గడే చెబుతుంది. రద్దు మెసేజ్‌లు ఎక్కువగా మంగళవారం మధ్యాహ్నం వెళ్లి ఉంటే, చెయ్యి ఫోన్ మీదికి పోయేది అప్పుడే. కాబట్టి మీ వాక్యం ఇలా రాసుకోండి: మంగళవారం మధ్యాహ్నం క్యాన్సిల్ చేయాలనిపిస్తే, ‘10 నిమిషాలు చాలు’ అనే మెసేజ్ పంపుతాను. ఆ మెసేజ్‌ని ముందే టైప్ చేసి డ్రాఫ్ట్స్‌లో ఉంచుకోండి. ఆ టెన్షన్‌లో కొత్తగా మాటలు వెతుక్కోనక్కర్లేదు.

సోమవారం పేజీ చేసే అసలు మేలు కూడా ఇక్కడే. దాచడానికి ఏదో ఉన్నంతసేపే మీటింగ్ మానాలనిపిస్తుంది. 5కి బదులు 2 అయ్యాయన్న సంగతి సోమవారం 6 గంటలకే ఆవిడకి చేరిపోతే మంగళవారం మానేసి సాధించేదేమీ ఉండదు. అందుకే పని అయినా కాకపోయినా పేజీ మాత్రం వెళ్లాలి. అందులో ‘ఈ వారం సున్నా’ అని రాయాల్సి వచ్చినా సరే.

కుదురుకుంటోందా లేదా అని ఎలా తెలుస్తుందంటారా, ఆవిడ ముఖంలో వెతకకండి. మీ పేజీ మీద ముందే గీతలు పెట్టి ఉంచుతున్నారా, ఇంటర్వ్యూల లోపలి సంగతులు అడుగుతున్నారా, తనకు కుదరని వారం తనే ఇంకో సమయం చెబుతున్నారా, ఇవి చూడండి. మీ వైపు నుంచి ప్రమాద సూచన ఒకటుంది. పేజీలో ‘ఎక్కడ ఆగాను’ అనే భాగం ఖాళీగా ఉండి, ‘వచ్చే వారం ఏం చేస్తాను’ అనేది మాత్రం పొడుగవుతూ వస్తే, మీరు మళ్లీ పెద్ద మాటలివ్వడం మొదలుపెట్టారని లెక్క. ఆ వారమే అంకె తగ్గించండి. మధ్యలో ఎప్పుడైనా ఒకటి తప్పినా ఈ పెద్ద క్షమాపణ మళ్లీ అక్కర్లేదు. ఆ రోజే ఒక వాక్యం, కొత్త సమయం, చాలు.

ఒక్క మాట పక్కన పెడుతున్నాను. రాత్రుళ్లు నిద్ర పట్టకపోవడం, పొద్దున మంచం దిగబుద్ధి కాకపోవడం, ఇంటర్వ్యూలే కాదు ఏ పనీ ముట్టుకోలేకపోవడం వారాల తరబడి ఉంటే, అది మీటింగ్‌ల సమస్య కాదు. ముందు డాక్టర్‌ని కలవండి. గైడ్‌కి ‘ఆరోగ్యం బాగాలేదు, వైద్యం తీసుకుంటున్నాను, కొన్నాళ్లు పని తగ్గించుకోవాలి’ అని చెబితే చాలు, అంతకు మించి వివరాలు చెప్పాల్సిన పనిలేదు.

కానుక సంగతి. వద్దు. దాన్ని తీసుకోవాలా వద్దా అని ఆవిడ ఇబ్బంది పడతారు, ఇచ్చాక మీరూ ఇబ్బంది పడతారు. సోమవారం పంపిన పేజీని రెండు కాపీలు ప్రింట్ తీసుకుని వెళ్లండి, ఒకటి ఆవిడకి, ఒకటి మీకు. పెన్ను మర్చిపోకండి, ఆవిడ చెప్పే అంకె మీ కాపీ మీదే రాసుకోవాలి.